గేమింగ్ యూజర్‌నేమ్: అంకెలు తగిలించకుండా పదునైన పేరు పెట్టుకోవడం ఎలా?

Tiger, Killer, Shadow లాంటి పేర్లు ఎప్పుడో అయిపోయాయి. అవి కొట్టగానే గేమ్ "ఈ పేరు ఖాళీగా లేదు" అంటుంది, మనం వెనకాల 2004 తగిలించి ముందుకెళ్తాం. పైగా అది పుట్టిన సంవత్సరమైతే మన వయసు అందరికీ చెప్పేసినట్టే.

వాలరెంట్‌లో దూరం నుంచి స్నైపర్‌తో కొట్టే ఆటగాడికి పేరు వెతుకుదాం. ముందు జంతువుల్ని, దెయ్యాల్ని పక్కన పెట్టి, అతను ఆడే తీరు చూడండి. దూరం నుంచి ఒక్క దెబ్బ. మన దగ్గర అలా కొట్టేవి ఏమున్నాయి? బాణం, ఉండేలు, రాయి విసిరే వడిసెల. GuriTappadu కూడా తడుతుంది కానీ, మొదటి గురి తప్పగానే టీమంతా ఆడుకుంటుంది. గొప్పలు చెప్పే పేరు కన్నా వస్తువు పేరే నయం.

ఇప్పుడు వాటిని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి, తెలుగు రాని స్నేహితుడితో చదివించండి. బాణం Banam అవుతుందా, Baanam అవుతుందా? వెతికేవాళ్లకు తికమక. Undelu అని రాస్తే కొందరు "అన్‌డీల్" అని మొదలుపెడతారు. Vadisela మాత్రం చాలావరకు రాసినట్టే పలుకుతుంది. వాయిస్ చాట్‌లో హడావిడిగా "వడీ, వెనకాల!" అని అరవొచ్చు. వడి అంటే వేగం కదా, అదీ కలిసొచ్చింది. పొడుగు పేరైతే టీమ్‌వాళ్లు ఎలాగూ కత్తిరిస్తారు, ఆ ముక్క ఎలా ఉంటుందో ముందే పలికి చూసుకోండి.

తర్వాత పేరు దొరుకుతుందా అన్నది. డిస్కార్డ్‌లో 2023 నుంచి పేరు వెనక నాలుగంకెలు తీసేసి, ఒక్కో యూజర్‌నేమ్ ఒక్కరికే ఇస్తున్నారు. కాబట్టి దొరకడం కష్టమైన చోటే, అంటే అక్కడే ముందు చూడండి. వాలరెంట్‌కి ఆ టెన్షన్ లేదు. రయట్ ఐడీలో పేరు తర్వాత # పెట్టి 3 నుంచి 5 అక్షరాల ట్యాగ్ ఉంటుంది, పేరూ ట్యాగూ కలిపి వేరుగా ఉంటే చాలు. ఆ ట్యాగ్‌లో చాలామంది అంకెలే వదిలేస్తారు. మనం అక్కడ రాయి పెడదాం:

```
Vadisela#RAYI
```

ట్యాగ్ లేని గేమ్‌లో పేరు పోయి ఉంటే ముందో మాట చేర్చండి: NallaVadisela. ఇది 13 అక్షరాలు, 16 వరకు ఒప్పుకునే మైన్‌క్రాఫ్ట్‌లో సరిపోతుంది. xX, అండర్‌స్కోర్ల జోలికి మాత్రం వెళ్లకండి. ఫ్రెండ్ రిక్వెస్ట్ పంపేవాడు ఎన్ని గీతలున్నాయో లెక్కపెట్టుకోవాలి.

చివరగా పేరును గూగుల్‌లో కొట్టి, వేరే భాషలో బూతు కాదని చూసుకోండి. బీజీఎంఐలో పేరు మార్చాలంటే రీనేమ్ కార్డు కావాలి, అందుకని ఖాయం చేసే ముందే స్పెల్లింగ్ ఇంకోసారి సరిచూసుకోండి.