సైజ్ చార్ట్‌లో అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయి, మరి చొక్కా ఎందుకు పట్టదు?

షాపింగ్ యాప్‌లో సైజ్ చార్ట్‌ని స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో పంపి, "బావకి ఏది సరిపోతుందో చూసి చెప్పవే" అనడం ఇప్పుడు ఇంటింటా ఉన్నదే. అలా కొన్నవి తిరిగి వెళ్ళడానికి హెచ్చవేతలో వచ్చిన తప్పు కారణం కావడం అరుదు. ఆ అంకె దేన్ని కొలిచిందో తేల్చుకోకుండానే ఇంచీల్లోకి మార్చేయడం దగ్గరే చాలామంది దెబ్బతింటారు. కింద ఒక పొడుగు చేతుల కాటన్ చొక్కా చార్ట్ ఉంది. ఇలాంటి స్క్రీన్‌షాట్ మీకు వచ్చిందనుకోండి.

```
Size   Chest   Length
M      49.5    71
L      52      73
XL     54.5    74
```

బావ ఛాతీ చుట్టుకొలత 40 ఇంచీలు. ఏ సైజు పెట్టాలి?

సమస్య: ఇవి ఇంచీలా, సెంటీమీటర్లా?

చార్ట్ పైన ఓ మూల `in`, `cm` అని రెండు చిన్న బటన్లు ఉంటాయి. స్క్రీన్‌షాట్ తీసేవాళ్ళు పట్టిక మీదే దృష్టి పెట్టి పైభాగం కత్తిరించేస్తారు. ఏ బటన్ నొక్కి ఉందో దానితోపాటే పోతుంది. పట్టిక వెడల్పుగా ఉంటే ఇంకో చిక్కు కూడా ఉంది. పక్కకి జరిపినప్పుడు కొన్ని యాప్‌లలో ఎడమవైపు సైజుల వరస తెర దాటిపోతుంది, ఏ అంకె ఏ సైజుదో తెలియకుండా పోతుంది.

మళ్ళీ పంపమని అడగడం ఉత్తమం. కుదరకపోతే పొడవు వరసని చూడండి. ఛాతీని సగం చేసి రాసేవాళ్ళున్నారు, పొడవుని మాత్రం ఎవరూ సగం చేయరు. మగవాళ్ళ చొక్కా పొడవు ఇంచీల్లో అయితే 28 నుంచి 31 లోపు, సెంటీమీటర్లలో అయితే 70 నుంచి 79 లోపు ఉంటుంది. మన పట్టికలో 71, 73, 74 ఉన్నాయి. 71 ఇంచీలంటే దాదాపు ఆరడుగులు, అంత పొడుగు చొక్కా ఉండదు. కాబట్టి ఇవి సెంటీమీటర్లే. ఒకే పట్టికలో రెండు కొలమానాలు కలవవు కాబట్టి ఛాతీ వరస కూడా సెంటీమీటర్లే.

సమస్య: ఛాతీ మరీ చిన్నగా ఉంది, లేదా వింతగా ఉంది

49.5 సెంటీమీటర్లంటే దాదాపు పందొమ్మిదిన్నర ఇంచీలు. పెద్దవాళ్ళెవరికీ ఛాతీ చుట్టూ అంత తక్కువ ఉండదు. అంటే చొక్కాని బల్ల మీద పరచి, ఈ చంక కుట్టు నుంచి ఆ చంక కుట్టు దాకా అడ్డంగా పెట్టి కొలిచారు. రెట్టింపు చేస్తేనే చుట్టుకొలత వస్తుంది: 99, 104, 109 సెంటీమీటర్లు. ఇంచీల్లో సుమారు 39, 41, 43.

ఇక్కడ పొడవు చూడకుండా ముందుకెళ్ళినవాళ్ళు 52ని ఇంచీలనుకుంటారు. "అమ్మో, యాభై రెండా? బస్తాలా ఉంటుంది" అని M కి దిగుతారు. అంకె పెద్దదిగా కనబడి చిన్న సైజు కొనిపించే తప్పు ఇదే.

పొడవు వరస లేని చార్ట్ అయితే ఒక సైజుకీ తర్వాతి దానికీ మధ్య తేడా చూడండి. చుట్టుకొలత ఇంచీల్లో ఉంటే మెట్టు సాధారణంగా 2, సెంటీమీటర్లలో అయితే 5 చుట్టుపక్కల. సగం కొలత ఇంచీల్లో ఉంటే 1, సెంటీమీటర్లలో ఉంటే రెండున్నర. మన పట్టికలో మెట్టు సరిగ్గా రెండున్నర. అయితే రెండుకీ రెండున్నరకీ మధ్య దూరం తక్కువ, బ్రాండుని బట్టి మెట్లు మారుతుంటాయి కూడా. కాబట్టి దీన్ని పొడవు పరీక్షకి తోడుగా వాడుకోవాలి గానీ దాని మీదే నిలబడకూడదు.

సమస్య: చార్ట్ ప్రకారం సరిపోవాలి, వేసుకుంటే పట్టేసింది

ఒకే యాప్‌లో రెండు రకాల చార్ట్‌లు కనిపిస్తాయి. ఒకదాని మీద `Body Measurements` అనో `To Fit` అనో ఉంటుంది. అది మనిషి ఒంటి కొలత. అందులో 40 అని ఉంటే 40 ఇంచీల ఛాతీ ఉన్నవాళ్ళకి ఆ సైజు అని అర్థం, లూజు వాళ్ళే కలిపి కుట్టి ఉంటారు. రెండోదాని మీద `Garment Measurements` అని ఉంటుంది. అది బట్టని కొలిచిన అంకె, లూజు కూడా అందులోనే ఉంటుంది. 40 ఇంచీల ఛాతీకి 40 ఇంచీల చొక్కా తీసుకుంటే గుండీలు పెట్టినా ఊపిరి పీల్చడం కష్టం.

శీర్షిక కత్తిరించి ఉన్నా ఆనవాళ్ళు దొరుకుతాయి. పరచి కొలిచిన సగం ఛాతీ ఉందంటే అది బట్ట కొలతే, మనిషిని ఎవరూ బల్ల మీద పరచి కొలవరు కదా. చొక్కా పొడవు, కఫ్ వెడల్పు లాంటివి ఉన్నా ఆ వరసలు బట్టవే. కానీ అదే పట్టికలో ఛాతీ మాత్రం ఒంటి కొలతగా ఇచ్చేవాళ్ళూ ఉన్నారు, కాబట్టి పక్కనున్న వరస చూసి ఛాతీ సంగతి తీర్మానించకండి.

సాగని కాటన్ చొక్కాకి మామూలు ఫిట్ కావాలంటే ఒంటి కొలత మీద నాలుగు ఇంచీలు, ఆపైన కొంచెం లూజు ఉండాలి. స్లిమ్ ఫిట్ అయితే రెండు మూడు చాలు. సాగే టీషర్ట్‌కి ఇంకా తక్కువైనా నడుస్తుంది. బావ ఛాతీ 40. M లో 39, ఒంటికన్నా చిన్నది. L లో 41, ఒక్క ఇంచీ లూజు, చేతులు ముందుకి చాస్తే వీపు దగ్గర లాగుతుంది. XL లో 43, మూడు ఇంచీల లూజు, ఒంటికి కాస్త దగ్గరగా ఉన్నా హాయిగా ఉంటుంది. కాబట్టి XL.

దీన్ని సరిచూసుకునే పద్ధతి ఒకటుంది. నన్నడిగితే ఒంటి మీద టేపు చుట్టడం కన్నా ఇదే నమ్మదగింది. బావకి బాగా కుదిరిన పాత చొక్కా ఒకటి తీసి, గుండీలన్నీ పెట్టి, ముడతలు లేకుండా పరిచి, చంక కుట్టు నుంచి చంక కుట్టుకి కొలవండి. ఇరవై ఒకటిన్నర ఇంచీలు వచ్చిందనుకోండి. అంటే 54.6 సెంటీమీటర్లు. చార్ట్‌లో XL దగ్గర 54.5 ఉంది. ఇంక లూజు గురించి ఆలోచించే పనే లేదు, రెండు బట్టల్ని పోల్చినట్టే. రెండూ ఒకే రకం గుడ్డ అయితేనే ఇది చెల్లుతుంది. సాగే టీషర్ట్ కొలత తీసుకెళ్ళి కాటన్ చొక్కాతో పోల్చకండి.

సమస్య: మార్చిన లెక్క అర ఇంచీ తేడా వస్తోంది

ఇంచీ అంటే ఖచ్చితంగా 2.54 సెంటీమీటర్లు. నోటిలెక్కలో రెండున్నరతో సరిపెట్టేస్తే చిన్న కొలతల్లో ఏమీ కాదు గానీ ఛాతీ దగ్గర తెలుస్తుంది. 38 ఇంచీలని రెండున్నరతో హెచ్చిస్తే 95 వస్తుంది, అసలు ఉండాల్సింది 96.5. ఒకటిన్నర సెంటీమీటర్లు పోయాయి, అంటే అర ఇంచీ పైనే. కాలిక్యులేటర్ లేనప్పుడు ఇలా చేయండి:

```
38 × 2.5  = 95
38 × 0.04 = 1.52
మొత్తం    = 96.52
```

రెండో జాగ్రత్త గుండ్రం చేయడం గురించి. సగం కొలతని ముందే గుండ్రం చేసి తర్వాత రెట్టింపు చేస్తే తప్పు కూడా రెట్టింపవుతుంది. L దగ్గరున్న 52 సెంటీమీటర్లంటే 20.47 ఇంచీలు. దాన్ని 20 చేసేసి రెండుతో హెచ్చిస్తే 40 వస్తుంది, అసలు దాదాపు 41. ముందు రెట్టింపు చేసి, తర్వాత ఇంచీల్లోకి మార్చి, గుండ్రం చేయడం ఆఖర్న పెట్టుకోండి.

ఇంత లెక్క చేసినా చార్ట్ కింద ఒకటి నుంచి మూడు సెంటీమీటర్ల తేడా ఉండొచ్చని చిన్న అక్షరాల్లో రాసి ఉండడం మామూలే. చేత్తో కొలుస్తారు కాబట్టి అది నిజమే. అందుకే రెండు సైజుల మధ్య పడి, గుడ్డ కాటన్ అయితే పెద్దదే తీసుకోండి. ఉతికాక ఎటూ కొంత కుంచించుకుంటుంది. లూజైతే టైలరు లోపలికి కుట్టేస్తాడు. బిగుతైతే మాత్రం కుట్టు లోపల వదిలిన గుడ్డ ఉంటేనే విప్పగలడు, రెడీమేడ్‌లో అది చాలా తక్కువ వదులుతారు.

సమస్య: 15.3 అని రాసింది, టేపు మీద ఎక్కడుంది?

టైలరు టేపు మీద ఇంచీకి ఎనిమిది భాగాలు ఉంటాయి, పది కాదు. పదిహేను దాటి మూడో గీత అంటే 15.375, 15.3 కాదు. పావుకి రెండు గీతలు, అరకి నాలుగు, ముప్పావుకి ఆరు. టేపు చూసి "పదిహేను పాయింట్ ఆరు" అని ఫోన్లో చెప్పేవాళ్ళు చాలాసార్లు పదిహేనుంముప్పావు చూసి ఆరో గీతని చెబుతున్నట్టే. "ఎన్నో గీత?" అని తిరిగి అడగండి.

స్క్రీన్‌షాట్‌లోంచి ఫోను చేత అక్షరాలు కాపీ చేయించుకునేటప్పుడు కూడా చూసుకోవాలి. `15 1/2` మధ్యనున్న ఖాళీ పోయి `151/2` గా వస్తుంది. బొమ్మ మసకగా ఉంటే పాయింటు ఎగిరిపోయి 41.3 కాస్తా 413 అవుతుంది. వాట్సాప్‌లో బొమ్మగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపితే మసకబారదు.

సమస్య: చొక్కా 40 అంది, కుర్తీ 40 అంది, రెండూ ఒకటేనా?

కాదు. కుర్తీల మీద 38, 40, 42 అని ఉంటే అవి సాధారణంగా ఛాతీ ఇంచీలు. మగవాళ్ళ ఫార్మల్ చొక్కాల మీద ఉండే 38, 39, 40, 42 మాత్రం కాలర్ కొలత, అదీ సెంటీమీటర్లలో. 39 అంటే సుమారు పదిహేనున్నర ఇంచీల మెడ, 42 అంటే పదహారున్నర. 40 ఇంచీల ఛాతీ ఉంది కదా అని 40 నంబరు చొక్కా పెట్టడం కాకతాళీయంగా కుదిరితే కుదరొచ్చు గానీ లెక్క ప్రకారం కాదు.

అమెరికాలో ఉన్న చెల్లెలు "నాది 8" అంటే, బ్రిటన్ నంబర్లలో అది 12. ఆడవాళ్ళ బట్టల్లో నాలుగు కలపాలి. మగవాళ్ళ కోటుకి యూరప్ నంబరులోంచి పది తీసేస్తే ఇంచీల ఛాతీ వస్తుంది, 50 అంటే 40. పిల్లల బట్టలకి యూరప్ బ్రాండ్లు ఎత్తునే సెంటీమీటర్లలో రాస్తాయి, 116 అంటే 116 సెంటీమీటర్ల ఎత్తున్న పిల్లాడికి, ఆరేళ్ళ వయసుకి దగ్గరగా. అక్కడి మనవడికి ఇక్కణ్ణుంచి పంపేటప్పుడు వయసు అడగడం మాని, గోడకి నిలబెట్టి ఎత్తు కొలిచి చెప్పమనండి.