డాష్‌బోర్డులో 97 శాతం, నెలాఖరున రివర్స్ అయ్యే బిల్లులు

లక్షణం

ఓసీఆర్‌తో ఇన్‌వాయిస్‌లు చదివించి ఈఆర్‌పీలోకి పంపే ఏర్పాటు మొదలై కొన్ని నెలలయింది. డాష్‌బోర్డు 97 శాతం కచ్చితత్వం చూపిస్తోంది. అయినా పోస్టు కాకుండా ఆగిపోయిన బిల్లులు చేరే ఎక్సెప్షన్ల వరుస తరగడం లేదు. పైగా నెలాఖరులో జీఎస్టీ లెక్కలు చూసేవాళ్లు పోస్టయిన బిల్లులను రివర్స్ చేసి, మళ్లీ చేత్తో ఎక్కిస్తున్నారు.

ఇది కనిపించగానే చాలామంది ఓసీఆర్ ఇంజిన్ మార్చాలంటారు. అది చివర్లో ఆలోచించాల్సిన సంగతి. చాలాచోట్ల ఆ అవసరమే రాదు.

ముందు ఇది చూడండి

ఎక్సెప్షన్ వరుసలోంచి ముప్పై బిల్లులు తీయండి. ఒక పక్క స్కాన్, ఇంకో పక్క యంత్రం చదివిన విలువలు పెట్టుకుని కళ్లతో పోల్చండి. ఒక పూట కూడా పట్టని పని. అయినా ఇది చేయకుండానే సమావేశాలు పెట్టేవాళ్లే ఎక్కువ.

బిల్లు ఎందుకు ఆగింది? యంత్రం సరిగ్గానే చదివినా ధర పర్చేజ్ ఆర్డర్‌తో కలవలేదా? సరుకు వచ్చినా స్టోర్స్ వాళ్లు అందినట్టు జీఆర్ఎన్ వేయలేదా? లేక నిజంగానే తప్పు చదివిందా? మొదటిది కొనుగోలు విభాగం తేల్చాలి, రెండోది స్టోర్స్. మూడోది ఒక్కటే ఓసీఆర్ తప్పు. మూడింటినీ ఒకే వరుసలో పోసి అకౌంట్స్ గుమాస్తాకు అప్పగిస్తే ఆయన మాత్రం ఏం చేయగలడు? ఆగిన కారణాన్ని బట్టి బిల్లు సంబంధిత విభాగానికే వెళ్లేలా ఈఆర్‌పీలో దారి పెట్టండి. వరుసలో చాలా భాగం అక్కడే కరిగిపోతుంది.

ఆ 97 శాతం దేనికి సంబంధించిందో కూడా అడగండి. సాధారణంగా అది ఒక్కో గడికి లెక్కగట్టిన శాతం. బిల్లుకు పది గడులు చదివిస్తుంటే, ఒక గడి తప్పుకూ మరో గడి తప్పుకూ సంబంధం లేదనుకుంటే, పది గడులూ సరిగ్గా వచ్చే బిల్లులు 100లో సుమారు 74 మాత్రమే. నిజానికి తప్పులు కొన్ని బిల్లుల్లోనే గుంపుగా పడతాయి కాబట్టి పరిస్థితి ఇంతకంటే కాస్త మెరుగ్గానే ఉంటుంది. కానీ చెల్లింపు జరిగేది బిల్లుకు, గడికి కాదు. రెండు శాతాలూ పక్కపక్కన చూపించమనండి.

అసలు దొంగ కారణం: దిద్దనిదల్లా సరైనదే అనుకోవడం

ఇవన్నీ చూశాక కూడా రివర్సల్స్ ఆగకపోతే, కచ్చితత్వం కొలిచే పద్ధతిలోనే మోసం ఉంది. ధ్రువీకరణ తెరలో గుమాస్తా ఏ గడిని మార్చాడో చాలా వ్యవస్థలు నమోదు చేసుకుంటాయి. మార్చితే తప్పు, మార్చకపోతే ఒప్పు. చూడటానికి సబబుగానే ఉంది. కానీ గుమాస్తా చూసి వదిలేశాడా, చూడకుండా వదిలేశాడా అన్నది ఆ లెక్కకు తెలియదు. తర్వాత ఈఆర్‌పీలో జరిగే దిద్దుబాటు అయితే దాని దాకా వెళ్లనే వెళ్లదు.

విశాఖపట్నంలో ప్లాంటు ఉన్న ఒక తయారీ సంస్థ ఉదాహరణ తీసుకుందాం. సరఫరాదారుకు హైదరాబాద్‌లో ప్రధాన కార్యాలయం, విజయవాడలో డిపో ఉన్నాయి. రెండింటికీ వేరువేరు జీఎస్టీ నమోదు నంబర్లు, అంటే జీఎస్టీఐఎన్‌లు: తెలంగాణది 36తో, ఆంధ్రప్రదేశ్‌ది 37తో మొదలవుతుంది. సరుకు విజయవాడ డిపో నుంచి వచ్చింది. బిల్లులో పన్నుకు ముందు విలువ 84,000, సీజీఎస్టీ 7,560, ఎస్‌జీఎస్టీ 7,560, మొత్తం 99,120 రూపాయలు. అయితే కాగితం పైభాగాన పెద్ద అక్షరాల్లో ఉన్నది హైదరాబాద్ చిరునామా, 36 నంబరు. డిపో నంబరు దాని కింద చిన్న అక్షరాల్లో ఉంది.

మోడల్ పైనున్న 36నే పట్టుకుంది. అక్షరం కూడా తప్పు చదవలేదు. జీఎస్టీఐఎన్‌లోని 15వ అక్షరం చెక్ అక్షరం. చదవడంలో పొరపాటు వస్తే అది పట్టిస్తుంది. ఇక్కడ నంబరు అసలైనదే కాబట్టి ఆ పరీక్ష దాటిపోయింది. రేటు ఒప్పందం ప్రధాన కార్యాలయంతో కుదిరింది కాబట్టి పర్చేజ్ ఆర్డర్ కూడా హైదరాబాద్ వెండర్ కోడ్ మీదే ఉంది. పరిమాణం, ధర, జీఆర్ఎన్ అన్నీ కలిశాయి. ఈఆర్‌పీ వెండర్ రాష్ట్రం వేరని చూసి ఐజీఎస్టీ 15,120 అని వేసుకుంది. 7,560 రెండుసార్లు కలిపినా అంతే కాబట్టి మొత్తం తేడా రాలేదు. ఒకే సంస్థ నంబర్లు కావడంతో 3 నుంచి 12 దాకా ఉన్న అక్షరాలు పాన్, రెండింట్లోనూ ఒకటే. తేడా ప్రధానంగా మొదటి రెండు అంకెల్లోనూ చివరి అక్షరంలోనూ కనిపిస్తుంది. రోజుకు వందల బిల్లులు చూసే మనిషి కన్ను దాని మీద ఆగదు. ఎంటర్ నొక్కేశాడు.

సరఫరాదారులు దాఖలు చేసిన బిల్లులు చూపించే జీఎస్టీఆర్-2బి మరుసటి నెల 14న తయారవుతుంది. అందులో ఈ బిల్లు 37 నంబరు కింద సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీలుగా ఉంది. పుస్తకాల్లో మాత్రం 36 కింద ఐజీఎస్టీ. పన్ను చూసే ఉద్యోగి పాత ఎంట్రీ రివర్స్ చేసి సరైన కోడ్‌తో మళ్లీ వేశాడు. పని అయిపోయింది. ఓసీఆర్ చిట్టాలో మాత్రం ఈ బిల్లు పది గడులూ ఒప్పే.

ఇంతటితో ఆగితే లెక్క తప్పిందనుకుని ఊరుకోవచ్చు. కానీ గుమాస్తా ఆమోదాన్నే పాఠంగా తీసుకుని నేర్చుకునే మోడల్ అయితే, ఆ సరఫరాదారు బిల్లుల్లో పైనున్న నంబరే తీసుకోవాలని ప్రతి ఎంటర్‌తో మరింత గట్టిగా నేర్చుకుంటుంది. కాన్ఫిడెన్స్ స్కోరు పెరుగుతుంది, పరిమితి దాటుతుంది. ఆపై బిల్లు మనిషి ముందుకే రాదు. కాన్ఫిడెన్స్ అంటే మోడల్‌కు తన మీద ఉన్న నమ్మకం, అంతే. అది కచ్చితత్వం కాదు.

ఎలా పట్టుకోవాలి

ఓసీఆర్ చిట్టాను ఈఆర్‌పీలో చివరికి నిలిచిన ఎంట్రీతో పోల్చండి, ధ్రువీకరణ తెరతో కాదు. ఒకే పాన్ ఉండి జీఎస్టీఐఎన్ వేరైన బిల్లులు ముందు తీయండి. పట్టికల పేర్లు మీ దగ్గర ఎలా ఉంటే అలా మార్చుకోండి:

```sql
SELECT c.invoice_no, c.seller_gstin AS read_gstin,
       e.seller_gstin AS final_gstin
FROM capture_log c
JOIN erp_invoice e
  ON e.invoice_no = c.invoice_no
 AND e.total_amt = c.total_amt
WHERE e.is_reversed = 'N'
  AND e.seller_gstin <> c.seller_gstin
  AND SUBSTR(e.seller_gstin,3,10) = SUBSTR(c.seller_gstin,3,10);
```

ఇన్‌వాయిస్ నంబరునో మొత్తాన్నో తప్పు చదివిన బిల్లులు ఇందులో జత పడవు. వాటిని రివర్సల్ జాబితాలోంచి చేత్తో వెతకాలి.

రెండో పరీక్ష: ఎవరూ ఆపకుండా నేరుగా పోస్టయిన బిల్లుల్లోంచి యాదృచ్ఛికంగా 200 తీసి, యంత్రం విలువలు చూపించకుండా, కాగితం చూసి కొత్తగా టైపు చేయించండి. విలువ ముందే నింపి చూపిస్తే మనిషి దాన్నే ఒప్పుకుంటాడు కాబట్టి దాచడం తప్పనిసరి. 200లో ఒక్క తప్పూ దొరకకపోతే, అసలు తప్పుల శాతం ఒకటిన్నరకు మించదని 95 శాతం నమ్మకంతో చెప్పవచ్చు. 50 బిల్లులతో సరిపెడితే ఆ హద్దు ఆరు శాతానికి పోతుంది. ఎక్సెప్షన్ వరుసలోంచి నమూనా తీసేవాళ్లు ఉన్నారు. ఈ తప్పులు ఆ వరుసలోకే రావు, దయచేసి అక్కడ వెతకకండి.

సరిచేయడం

ముందు నేర్పడం ఆపండి. గుమాస్తా ఆమోదం శిక్షణకు వెళ్లకూడదు. జీఎస్టీఆర్-2బితో సరిపోలిన బిల్లు మాత్రమే వెళ్లాలి. అందుకు నెలన్నర ఆలస్యమైతే అవనివ్వండి. ఆ సరఫరాదారు విషయంలో మోడల్ ఇప్పటిదాకా నేర్చుకున్నది తుడిచి, సరిచూసిన బిల్లులతో మళ్లీ నేర్పండి. తుడవకుండా కొత్తవి మాత్రమే కలిపితే పాత అలవాటు చాలాకాలం వదలదు.

తర్వాత ఒక నియమం పెట్టండి. సరఫరాదారు రాష్ట్ర కోడ్, సరఫరా స్థలం రాష్ట్ర కోడ్ ఒకటైతే కాగితం మీద సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ ఉండాలి. వేరైతే ఐజీఎస్టీ. కలవకపోతే బిల్లు ఆగాలి. పై ఉదాహరణలో 36 నంబరు పక్కన సీజీఎస్టీ కనిపించగానే ఆగిపోయేది. దీనికోసం పన్నును మొత్తంగా కాకుండా విడివిడిగా చదివించాలి. ప్రత్యేక ఆర్థిక మండలికి చేసే సరఫరా మాత్రం రాష్ట్రం ఒకటే అయినా ఐజీఎస్టీ కిందకే వస్తుంది. ఆ మినహాయింపు రాయకపోతే సెజ్ యూనిట్లో ప్రతి స్థానిక బిల్లూ ఆగుతుంది.

ఈ-ఇన్‌వాయిస్ ఉన్న బిల్లులకు ఓసీఆర్‌ను నమ్ముకోవడమే అనవసరం. 2023 ఆగస్టు 1 నుంచి వార్షిక టర్నోవరు 5 కోట్లు దాటిన సంస్థలు, కొన్ని మినహాయింపులు తప్ప, వ్యాపార సంస్థలకు ఇచ్చే బిల్లులను ఈ-ఇన్‌వాయిస్‌గానే ఇవ్వాలి. దాని మీదుండే డిజిటల్ సంతకం చేసిన క్యూఆర్ కోడ్‌లో ఇద్దరి జీఎస్టీఐఎన్‌లు, బిల్లు నంబరు, తేదీ, మొత్తం విలువ, ఆ బిల్లు గుర్తింపు సంఖ్య ఐఆర్ఎన్ ఉంటాయి. వాటిని అక్కడి నుంచే తీసుకోండి, సంతకాన్ని కూడా సరిచూడండి. పన్ను విభజన, పర్చేజ్ ఆర్డర్ నంబరు, ఒక్కో వస్తువు వివరం అందులో ఉండవు. వాటికి ఓసీఆర్ తప్పదు. ఆ క్యూఆర్ చాలా దట్టంగా ఉంటుంది. 300 డీపీఐ కంటే తగ్గించి స్కాన్ చేస్తే తరచూ చదవబడదు. పక్కనే యూపీఐ చెల్లింపు క్యూఆర్ ముద్రించేవాళ్లూ ఉంటారు, దాన్ని తీసుకుని కంగారుపడకండి.

మిగిలినవి

రూపాయి గుర్తును 7గా చదవడం: ₹52,400 కాస్తా 752,400 అవుతుంది. కామా మన పద్ధతిలో పడలేదు కాబట్టి దొరుకుతుంది. ₹4,52,400 మాత్రం 74,52,400 అయి కామాలు సరిగ్గానే కనిపిస్తాయి. విలువకు పన్ను కలిపితే మొత్తం రావాలన్న పరీక్ష పెడితే చాలు.

డాట్ మ్యాట్రిక్స్ రిబ్బను వెలిసిపోయిన బిల్లులు, ఫోనుతో వంకరగా తీసిన ఫొటోలు, సీలు పడి కప్పేసిన అంకెలు: సరఫరాదారును పీడీఎఫ్ పంపమనండి. అలాంటి కాగితాల కోసం మోడల్‌కు శిక్షణ ఇచ్చే శ్రమ గిట్టుబాటు కాదు.