280లో తెలుగు పోస్టు: ఎక్కడ కోయాలి, ఎక్కడ లైను విరవాలి

ఆత్రేయపురం పూతరేకులవాళ్లవి, కడియం నర్సరీలవి పోస్టులు సరిచేసి పెట్టడం నాకు రోజూ ఉండే పని. ఎన్నిసార్లు చెప్పినా ఒకటే తప్పు మళ్లీ మళ్లీ వస్తోంది. అక్షరాల హద్దు దాటిందని తెలియగానే చివరి నుంచి చెరుపుకుంటూ వస్తారు. చివర్లో ఉండేవేమో ధర, తేదీ, ఫోను నంబరు. అవి పోయి పొగడ్తలు మిగులుతాయి.

సామాన్లంటూ పెద్దగా ఏమీ అక్కర్లేదండి. ఫోను, తెలుగు కీబోర్డు, ముందుగా రాసుకోవడానికి ఒక నోట్స్ యాప్ ఉంటే చాలు. హద్దులు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి: ఎక్స్‌లో డబ్బు కట్టని ఖాతాకు 280, ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్‌కు 2,200. తెలుగు ఎస్సెమ్మెస్ అయితే 70 దాటగానే రెండు ముక్కలవుతుంది. అన్నిటికీ వేర్వేరుగా రాయకండి. ఎక్స్ కోసం బాగా కోసిన పోస్టు ఇన్‌స్టాలో కూడా చక్కగా చదివిస్తుంది, ఇన్‌స్టాకు రాసింది ఎక్స్‌లో పట్టదు.

ముందుగా చెప్పాలనుకున్నదంతా నోట్స్‌లో రాసేయండి, లెక్క చూడకుండా. ఆ తర్వాత నాలుగు సంగతులు విడిగా పెట్టుకోండి: ఏ వస్తువు, ఎంత ధర, ఎప్పటిలోపు, ఎవరికి ఫోన్ చేయాలి. వీటి జోలికి కత్తెర పోకూడదు.

ఇక అసలు కష్టం లెక్కలో ఉంది. ఇక్కడ తొందరపడితే మిగతాదంతా వృథా.

మనం అక్షరం అనుకునేదాన్ని ఎక్స్ ఒకటిగా లెక్కపెట్టదు. హల్లు ఒకటి, గుణింతపు గుర్తు ఒకటి, పొల్లు ఒకటి, సున్న ఒకటి. మన కంటికి ‘స్త్రీ’ ఒక్క అక్షరం. ఎక్స్‌కు అది స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం, మొత్తం ఆరు. ‘స్వచ్ఛమైన’ చూడ్డానికి నాలుగే, లెక్కలో తొమ్మిది. ‘సంక్రాంతి’ మూడే, లెక్కలో అదీ తొమ్మిదే. అంటే ఒత్తులున్న మాటలు చోటు తినేస్తాయి. మన ప్రకటనల్లో అలవాటుగా పడే స్వచ్ఛమైన, ప్రత్యేక, సంప్రదాయ, సందర్భంగా లాంటివన్నీ ఒత్తుల మాటలే. పైగా వాటివల్ల కొనేవాడికి కొత్తగా తెలిసేదీ ఉండదు.

ఒక పూతరేకుల కొట్టువాళ్లు పంపిన పోస్టులో మొదటి వాక్యం ఇది:

మన ఆత్రేయపురంలో సంప్రదాయ పద్ధతిలో తయారు చేసిన స్వచ్ఛమైన నెయ్యి, బెల్లం పూతరేకులు సంక్రాంతి సందర్భంగా ప్రత్యేక తగ్గింపు ధరకు అందుబాటులో ఉన్నాయి.

ఇదొక్కటే 143. సగానికి పైగా అయిపోయింది, ధర లేదు, తేదీ లేదు. తర్వాతి రెండు వాక్యాలతో 280 దాటింది. ‘అందుబాటులో ఉన్నాయి’ అన్నదానికే ఖాళీతో కలిపి 18 పోయాయి. పోస్టు పెట్టారంటేనే ఉన్నాయని కదండీ అర్థం! ‘తగ్గింపు ధర’ తీసేసి ధరే వేశాను. ‘సంప్రదాయ పద్ధతి’ ఆత్రేయపురం అన్న పేరులోనే ఉంది. చివరికి ఇలా వచ్చింది:

సంక్రాంతి పూతరేకులు, ఆత్రేయపురం నుంచి

నెయ్యి, బెల్లం మాత్రమే.
10 పూతరేకులు ₹250

జనవరి 10లోపు ఆర్డర్ ఇవ్వండి 📦

ఇదంతా కలిపి 113. దాని కింద లైనులో పది అంకెల ఫోను నంబరు వేస్తే 124. లైను విరిచిన ప్రతిసారీ ఒకటి పడుతుంది, ఖాళీ లైను వదిలితే రెండు. ఎమోజీ ఏదైనా రెండే. ₹ గుర్తుకూ రెండు పడతాయి, కానీ ‘రూ.’ అని రాస్తే మూడు. లింకు ఎంత పొడవున్నా 23గానే లెక్క, అందుకని దాన్ని కుదించడానికి అవస్థ పడక్కర్లేదు.

చోటు కలిసొస్తుందని ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసేవాళ్లున్నారు. కలిసిరాదు. పూతరేకులు తెలుగులో 9 అయితే, మామూలుగా రాసే ఇంగ్లిష్ అక్షరాల్లో 12. మరికొందరు మొత్తం ఫొటో మీద రాసేసి హద్దు గొడవే లేదంటారు. ఆ ఫొటోలోని నంబరును వేలితో నొక్కి ఫోన్ చేయలేరు, పూతరేకులని వెతికినవాళ్లకు ఆ రాత దొరుకుతుందన్న నమ్మకమూ లేదు.

చెరిపేటప్పుడు ఒక్కో గుర్తూ కాకుండా మాటకు మాట తీసేయండి. చాలా కీబోర్డుల్లో వెనక్కి చెరిపే మీట ఒక్కసారి నొక్కితే అక్షరం మొత్తం పోదు, చివరి గుర్తు మాత్రమే పోతుంది. ‘ఇవ్వండి’లో రెండుసార్లు నొక్కి ఆపితే ‘ఇవ్వం’ మిగులుతుంది. ఆర్డర్ ఇవ్వండి అనాల్సినచోట ఇవ్వం అని పడితే ఇంకేముంది! హద్దు దగ్గరపడి ఒకటి రెండు తగ్గించాల్సి వచ్చినప్పుడే ఇలాంటివి జరుగుతాయి. అందుకే 280 అని ఉన్నా నేను 250 దగ్గరే ఆపుతాను, మీరూ అంతే చేయాలి. ‘ఫేస్‌బుక్’ లాంటి మాటల్లో పొల్లు తర్వాత కంటికి కనపడని గుర్తొకటి ఉంటుంది, దానికీ ఒకటి పడుతుంది. దాన్ని మాత్రం తీయకండి. తీస్తే బ వెళ్లి స కింద ఒత్తుగా చేరిపోతుంది.

లైన్ల సంగతి. వాక్యం మధ్యలో ఎంటర్ కొట్టకూడదు. మీ ఫోనులో అందంగా ఐదేసి మాటలకు విరిగిందని మురిసిపోతారు. రావులపాలెంలో పెద్దాయన ఫోనులో అక్షరాలు పెద్దవి పెట్టుకుని ఉంటారు, ఆయనకు లైనులో మూడు మాటలే పడతాయి. మీరు విరిచిన ఐదు మాటల్లో రెండు కిందికి జారి, వాటి పక్కంతా ఖాళీగా ఉండి, ఆ కింద మళ్లీ కొత్త లైను మొదలవుతుంది. పోస్టంతా ఇలా మెట్లుమెట్లుగా తయారైందంటే ఎవరో మధ్యలో ఎంటర్ కొట్టారని అర్థం. సంగతి పూర్తయినచోటే విరవండి. వస్తువు తర్వాత ఒక ఖాళీ లైను, ధర తర్వాత ఒకటి, అంతే. మొదటి లైనులో వస్తువు పేరు ఉండి తీరాలి. ఇన్‌స్టాలో మొదటి ఒకటి రెండు లైన్లే కనిపించి మిగతాది ముడుచుకుంటుంది. అక్కడ ‘అందరికీ నమస్కారం’ అని మొదలుపెడితే ఆ చోటు నమస్కారానికే పోయింది.

ఎమోజీలు పోస్టు మొత్తానికి రెండు, మూడోది వద్దు. లైను చివర పెట్టండి, మాటల మధ్య కాదు. చూపు లేనివాళ్ల ఫోను ప్రతి ఎమోజీ పేరునూ బయటికి చదువుతుంది. ధరకు ముందు ఐదు మంటలు పెడితే, ధర వినడానికి ముందు వాళ్లు ఐదుసార్లు మంట అని వినాలి. 🪔 లాంటివి 2019లో వచ్చాయి, బాగా పాత ఫోన్లలో వాటి బదులు ఖాళీ డబ్బా కనిపిస్తుంది. కోనసీమ అనిపించాలంటే 🌴 ఉంది, అది దాదాపు ఎంత పాత ఫోనులోనైనా కనిపిస్తుంది. ఫోను నంబరును మాత్రం రంగు డబ్బాల అంకెలతో వేయకండి. పది అంకెలకు ఇరవై పోవడమే కాదు, నొక్కితే కాల్ వెళ్లదు.

పెట్టేముందు ఆ పోస్టును వాట్సాప్‌లో ఇంట్లో ఒకరికి పంపి, వాళ్ల ఫోనులో చూడండి. పెద్ద అక్షరాలు పెట్టుకున్నవాళ్లదైతే ఇంకా మంచిది. ధర ఎంతని అడగండి. వెతుక్కున్నారంటే ధర ఇంకో లైను పైకి రావాలి.