విద్యార్థి బడ్జెట్‌లో మొదటి మెకానికల్ కీబోర్డు ఎలా కొనాలి?

బడ్జెట్ రెండు మూడు వేల దగ్గరే ఉంటే పెట్టె మీద రాసినవాటిలో ముందుగా చూడాల్సింది ఒక్కటే: కీల కింది స్విచ్‌లు ఊడి వస్తాయా, రావా. అయిదు కోట్ల నొక్కుల ఆయుష్షు చూసి ఎక్కువ డబ్బు పెట్టకండి. పెట్టె మీద 1 మిల్లీసెకను అని ఉంటే దాని అర్థం, కీబోర్డు సెకనుకు 1000 సార్లు కంప్యూటర్‌కు సమాచారం పంపగలదని మాత్రమే. స్విచ్ లోపలి రేకు అదురు తగ్గేదాకా చిప్ ఆగే సమయం అందులో కలవదు.

సైజు 87 కీలదే తీసుకోండి. 61 కీల దాంట్లో బాణం కీలు విడిగా ఉండవు, కోడ్ రాసేటప్పుడు విసుగొస్తుంది. వైరు ఊడేదై, టైప్-సి అయి ఉండాలి. హాస్టల్ గదికి రెడ్ స్విచ్. బ్లూ టకటకకు పక్క మంచం మీదోళ్లకు నిద్ర పట్టదు.

ఇక అసలు పని. హన్మకొండలో షాపుకెళ్తే తెరిచి ఉన్న పీసు అడిగి ఒక కీక్యాప్ పైకి లాగండి. కింద ప్రతి కీకి విడి డబ్బాలాంటి స్విచ్ కనిపించాలి. రబ్బరు బుడిపె కనిపిస్తే అది మెంబ్రేన్. ‘మెకానికల్ ఫీల్’ అని రాసినవి చాలావరకు ఇవే.

తర్వాత పుల్లర్‌తో స్విచ్ పై అంచు, కింది అంచు దగ్గరి క్లిప్పులు నొక్కి నిటారుగా లాగండి. కదలకపోతే బలవంతం చేయొద్దు, అది టంకం వేసిన బోర్డు కావచ్చు. ఊడి వస్తే అడుగున చూడండి. రెండు లోహపు పిన్నులుంటే మామూలు మెకానికల్. లోహపు పిన్నులే లేకపోతే ఆప్టికల్ లేదా మాగ్నెటిక్ రకం, దాంట్లో మామూలు స్విచ్‌లు పట్టవు. నడుమ దిమ్మెకు అటూ ఇటూ ఇంకో రెండు ప్లాస్టిక్ కాళ్లుంటే, దిమ్మెతో కలిపి అది అయిదు పిన్నులది. మూడు పిన్నుల బోర్డులో పెట్టాలంటే ఆ ప్లాస్టిక్ కాళ్లను నెయిల్ కట్టర్‌తో కత్తిరిస్తే సరిపోతుంది.

ఎక్కువమంది పాడుచేసేది తిరిగి పెట్టేటప్పుడే. పిన్నులు నిటారుగా ఉన్నాయో లేదో చూసి, రంధ్రాలకు సరిపెట్టి, తిన్నగా నొక్కాలి. వంకరగా నొక్కితే పిన్ను వంగిపోతుంది, కీ పనిచేయదు. అప్పుడు ఇంకా గట్టిగా నొక్కితే అడుగున సాకెట్టే బోర్డు నుంచి ఊడిపోతుంది, టంకం తప్ప దారి ఉండదు. వంగిన పిన్నును చిన్న పటకారుతో సరిచేసి మళ్లీ పెట్టండి.

ఊడే స్విచ్‌లే కావాలని పట్టుబట్టడానికి కారణం ఇది. ఆరు నెలలకు ‘ఇ’ కీ ఒకసారి నొక్కితే రెండుసార్లు పడుతోందనుకోండి. దాని స్విచ్‌ను, ఎవరూ వాడని స్క్రోల్ లాక్ స్విచ్‌తో మార్చండి. తప్పు స్క్రోల్ లాక్‌కు పోతే పాడైంది స్విచ్చే. ‘ఇ’ ఆరోజు నుంచే బాగుంటుంది, పైసా ఖర్చు లేదు. తప్పు ‘ఇ’ దగ్గరే ఉంటే లోపం సాకెట్‌లోనో బోర్డులోనో ఉంది, వారంటీ బిల్లు తీయండి.