అర్ధరాత్రి కాలి బొటనవేలి కీలు భరించలేనంతగా నొప్పి పెడితే

రాత్రి విందులో మాంసంతో పాటు బీరు తీసుకుని పడుకున్న వ్యక్తికి తెల్లవారుజామున బొటనవేలి మొదటి కీలు ఎర్రగా వాచి, దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి వస్తే, అది చాలావరకు గౌట్ అయి ఉంటుంది. రక్తంలో ఎక్కువైన యూరిక్ యాసిడ్, శరీరంలో చల్లగా ఉండే ఆ కీలులో సూదుల్లాంటి స్ఫటికాలుగా పేరుకోవడమే దీనికి కారణం.

వెంటనే కాలిని దిండుపై ఎత్తుగా ఉంచి, గుడ్డలో చుట్టిన ఐస్‌ను 20 నిమిషాల పాటు పెట్టాలి. మర్దన మాత్రం చేయకూడదు. కిడ్నీ జబ్బు, గుండె జబ్బు, కడుపులో పుండు లేనివారు, రక్తం పలచబరిచే మందులు వాడనివారు ఐబుప్రొఫెన్ వేసుకోవచ్చు. కోల్చిసిన్ అనే మందు మొదటి 12 గంటల్లో మొదలుపెడితే బాగా పనిచేస్తుంది కాబట్టి, తగ్గుతుందిలే అని ఆగకుండా ఉదయమే డాక్టరును కలవండి. జ్వరం, వణుకు కూడా ఉంటే కీలులో ఇన్ఫెక్షన్ కావచ్చు, అప్పుడు ఆలస్యం ప్రమాదకరం.

నొప్పి ఉన్నప్పుడు యూరిక్ యాసిడ్ పరీక్ష మామూలుగానే రావచ్చు. దాన్ని చూసి గౌట్ కాదని అనుకోకుండా, నొప్పి తగ్గిన రెండు వారాల తరువాత మళ్లీ చేయించుకోవాలి.

ఆహారంలో ముఖ్యంగా బీరు, లివర్ వంటి అవయవ మాంసాలు, రొయ్యలు, తీపి కూల్‌డ్రింకులు ఈ నొప్పిని రేపుతాయి. పప్పుల్ని, పాలకూరను చాలామంది అనవసరంగా మానేస్తారు. వాటివల్ల ముప్పు పెరుగుతుందని పరిశోధనల్లో తేలలేదు.