సిస్టమ్‌లో 340, ర్యాక్‌లో 316: ఆ 24 ఎక్కడ పోయాయో ఎలా పట్టుకున్నానంటే

మా స్టోర్‌లో ఒకే ఐటమ్, బేరింగులు, ప్రతి నెలా లెక్కపెడితే సిస్టమ్ స్టాక్ కంటే తక్కువే వచ్చేది. మూడుసార్లు మళ్లీ లెక్కపెట్టాం, దొంగతనం అనుకున్నాం, అడ్జస్ట్‌మెంట్ కొట్టేసి వదిలేశాం, ఏదీ పనిచేయలేదు.

ఈసారి ముందు ఆ ఐటమ్ ఇన్, ఔట్ రెండూ కాసేపు ఆపించి, సిస్టమ్ ఫిగర్ చూపించకుండా వేరే మనిషితో లెక్కపెట్టించా. మళ్లీ 316. అంటే కౌంట్ కరెక్టే. తర్వాత చివరిసారి టాలీ అయిన తేదీ నుంచి ఐటమ్ లెడ్జర్ తీసి ఒక్కో ఎంట్రీని చలాన్లూ ఇష్యూ స్లిప్పులతో కలిపి చూసుకుంటూ వచ్చా, బిల్లయ్యి ఇంకా వెళ్లని సరుకు ఏమైనా ఉందా అనీ చూశా, లేదు. పాడైనవి 2 పక్కన పెట్టారు, ఎంట్రీ లేదు. మిగిలింది 22. మా బాక్సుకి 12 పీసులు, బాక్సుని పీసుగా కొడితే ఒక్కోదానికి 11 తేడా, 22 అంటే 11 రెండ్లు, అక్కడే లైటు వెలిగింది: ఒక స్లిప్పులో 2 బాక్సులు ఇస్తే సిస్టమ్‌లో 2 పీసులని కొట్టారు, 24 తగ్గాల్సింది 2 తగ్గింది.

24కి ఒకే అడ్జస్ట్‌మెంట్ వేయలేదు. తప్పు ఇష్యూని రివర్స్ చేసి 24 పీసులతో మళ్లీ ఎంటర్ చేశా, లాగ్‌లో "యూనిట్ తప్పు, 22" అని స్లిప్ నంబర్, తేదీతో రాశా. "డ్యామేజ్, 2" వేరే లైన్, దానికి మాత్రమే అడ్జస్ట్‌మెంట్. కారణం దొరకనివి ఉంటే "తెలియదు" అనే రాయండి, డ్యామేజ్‌లో కలిపేయొద్దు.

ఒకే ఐటమ్ నాలుగైదు చోట్ల ఉంటే ఇంత ఈజీగా దొరుకుతుందో లేదో, నేను చెప్పలేను.