స్నానాల గది కప్పు కారుతోందా? యజమానికి ఉత్తరం ఇలా రాయండి

సమస్య

కప్పు కారుతోందని ఇంటి యజమానికి ఫోనులో రెండుసార్లు చెప్పాను. రెండుసార్లూ పెయింటరు వచ్చి, పుట్టీ పెట్టి, తెల్లరంగు పూసి వెళ్లాడు. కొద్ది వారాలకే అదే చోట మరక. తప్పు నాదే. కారుతోందన్నానే గానీ ఎప్పుడెప్పుడు కారుతోందో చెప్పలేదు.

కారణం

కారే వేళను బట్టి కారణం దొరుకుతుంది. రాత్రీ పగలూ ఒకేలా చుక్కలు పడితే పై ఇంటి నీళ్ల పైపును అనుమానించాలి. వాన పడినప్పుడే అయితే బయటి గోడ పగుళ్లు చూడాలి. పైవాళ్లు స్నానం చేశాకే కారితే నేల మీది నీళ్లు బయటికి పోయే నహానీ ట్రాప్ జాయింటో, టైల్స్ సందులో కారణం.

ఈ రెండింటిలో ఏదో తేల్చడానికి ట్రాప్ మూతిని గుడ్డతో బిగించి, పై గది నేల మీద అంగుళం నీరు కొన్ని గంటలు నిలపాలి. అప్పుడే కారితే టైల్స్ సందులు. గుడ్డ తీశాక కారితే ట్రాప్. అయితే టైల్స్ కింద నింపిన మట్టిలో పాత నీరు ఒకటి రెండు రోజులు ఊరుతూనే ఉంటుంది. అది ఆగాకే పరీక్షించాలి.

పరిష్కారం

మూడోసారి ఫోను చేయకుండా ఉత్తరం రాశాను:

> నమస్కారమండీ. జులై 6న స్నానాల గది కప్పు మీద, గీజరుకు ఎడమవైపు, అరచేయంత తడి మరక మళ్లీ కనిపించింది (ఫొటో 1). జులై 19కి రెండడుగులకు పాకింది, అంచున తెల్లటి ఉప్పు పేరుకుంది (ఫొటో 2, పక్కన టేపు పెట్టి తీశాను). ఆగస్టు 2న పెచ్చు ఊడి, తుప్పు పట్టిన చువ్వ బయటపడింది (ఫొటో 3).
>
> పై ఇంటివారు ఆగస్టు 9 నుంచి 13 వరకు ఊళ్లో లేరు. 11 నుంచి చుక్క పడలేదు. 14న వారు స్నానాలు చేసిన గంటలోనే మొదలైంది (వీడియో). 18న, వారు రెండు రోజులు ఆ గది వాడకుండా ఆపాక, ట్రాప్ మూసి నాలుగు గంటలు నీరు నిలిపాం. కారలేదు. గుడ్డ తీసిన కాసేపటికే కారింది.
>
> దయచేసి ఈ నెల 31లోగా ట్రాప్ జాయింటు బాగు చేయించి, కప్పు ఆరాక చువ్వ తుప్పు గీకించి ప్లాస్టరింగ్ చేయించండి. తడి చేరుతున్నందున గీజరు వాడటం ఆపేశాం.

ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే తీసిన తేదీ, సమయం వివరాలు పోతాయి. అందుకే డాక్యుమెంటుగా పంపాను, అసలు ఫైళ్లు ఫోనులోనే ఉంచుకున్నాను. ఉత్తరాన్ని స్పీడ్ పోస్టులోనూ వేసి రసీదు దాచాను. యజమాని చేయించాల్సిన మరమ్మతును, నోటీసు ఇచ్చాక తగిన సమయంలో చేయించకపోతే, అద్దెదారు తానే చేయించి ఖర్చును అద్దెలో మినహాయించుకోవచ్చని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ చెబుతోంది. అద్దె ఒప్పందంలో దీనికి భిన్నంగా ఉంటే ఒప్పందమే చెల్లుతుంది, కాబట్టి ముందు అది చదవాలి. పైగా ఇక్కడ పగలగొట్టాల్సిన నేల పై ఇంటివారిది, నా అంతట నేను చేయించగలిగిందేమీ లేదు. అందుకే ఉత్తరం నకలు ఒకటి అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శికీ ఇచ్చాను.